ఈ అంకె ఎక్కడిది?

కిరాణా కొట్లో గల్లాపెట్టె పక్కన ఒక పొడుగాటి పుస్తకం ఉంటుంది. ఎవరు ఎంత అరువు తీసుకున్నారో, ఎప్పుడు ఎంత జమ చేశారో అందులో పద్దులుగా రాసుకుంటారు. ఆ పుస్తకాన్ని ఫోన్లోకి తెచ్చిన యాప్‌ని హైదరాబాద్‌లో ఒక చిన్న బృందం నడుపుతోందని అనుకుందాం. విషయం సులువుగా అర్థం కావడానికి నేను కల్పించిన ఉదాహరణ ఇది, ఇందులోని అంకెలూ నేను వేసినవే. ఇలాంటి సంభాషణలు మాత్రం సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో వారంవారం జరుగుతూనే ఉంటాయి.

ఆ యాప్‌లో ఇంకా చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. పద్దులు నోటితో చెబితే ఫోనే రాసుకోవాలని సేల్స్‌వాళ్లు అడుగుతున్నారు. బాకీ ఉన్నవాళ్లకి ఒక్క నొక్కుతో గుర్తుచేసే మెసేజ్ వెళ్లాలని మార్కెటింగ్ వాళ్ల కోరిక. ఫోన్ మార్చినప్పుడు పాత పద్దులు తిరిగి రావడం లేదని కొట్లవాళ్లు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి వాపోతున్నారు. ఇవి కాక ఇంకో వంద ఉన్నాయి. ఇలా పేరుకున్న పనుల జాబితానే బ్యాక్‌లాగ్ అంటారు. చేసేవాళ్లు ఆరుగురే. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చడానికి ఒక పద్ధతి లేకపోతే గొంతు పెద్దదైనవాళ్ల పని ముందుకొస్తుంది, లేదా నిన్న సాయంత్రం యజమానికి తట్టిన ఆలోచన ముందుకొస్తుంది.

ఈ చిక్కుకి ఇంటర్‌కామ్ అనే కంపెనీలో షాన్ మెక్‌బ్రైడ్ అనే ప్రోడక్ట్ మేనేజర్, ఆయన సహచరులు ఒక లెక్క తయారుచేసుకున్నారు. దాని పేరు రైస్. రీచ్, ఇంపాక్ట్, కాన్ఫిడెన్స్, ఎఫర్ట్ అనే నాలుగు మాటల ఇంగ్లిష్ మొదటి అక్షరాలు కలిస్తే వచ్చిన పేరు అది. ఒక నిర్ణీత కాలంలో, సాధారణంగా మూడు నెలల్లో, ఈ పని ఎంతమందికి తగులుతుందన్నది రీచ్. తగిలిన ఒక్కొక్కరికీ ఎంత మేలు చేస్తుందన్నది ఇంపాక్ట్. దీన్ని కొలవడం కష్టం కాబట్టి మెట్లు పెట్టారు. చాలా గొప్ప మేలైతే 3, ఎక్కువైతే 2, మధ్యస్థమైతే 1, కొంచెమైతే 0.5, మరీ స్వల్పమైతే 0.25. మనం చెబుతున్న అంకెల మీద మనకే ఎంత నమ్మకం ఉందన్నది కాన్ఫిడెన్స్. దానికి 100, 80, 50 శాతాలని మూడే మెట్లు. ఎంతమంది ఎన్ని నెలలు పనిచేయాలన్నది ఎఫర్ట్. ఇద్దరు ఒకటిన్నర నెలలు పనిచేస్తే అది మూడు మనిషి-నెలలు. మొదటి మూడింటినీ గుణించి నాలుగోదానితో భాగిస్తే స్కోరు వస్తుంది. పెట్టిన శ్రమలో ఒక్కో నెలకి ఎంత ఫలితం వస్తుందో చెప్పే అంకె అది.

మన బృందం మొదటిసారి కూర్చుని ఈ లెక్క వేసింది. నోటితో పద్దు చెప్పే సౌకర్యానికి సేల్స్‌వాళ్లు ఇచ్చిన అంకెలివి: యాప్‌లో ఉన్న 40,000 కొట్లకీ తగులుతుంది, ఇంపాక్ట్ 3, నమ్మకం 80 శాతం, శ్రమ 2 మనిషి-నెలలు. స్కోరు 48,000. గుర్తుచేసే మెసేజ్‌కి కూడా 40,000 కొట్లే, ఇంపాక్ట్ 1, నమ్మకం 80 శాతం, శ్రమ ఒక నెల. స్కోరు 32,000. ఫోన్ మార్చినప్పుడు పద్దులు తిరిగి తెచ్చే పని మూడు నెలల్లో 3,000 కొట్లకి తగులుతుంది. ఇంపాక్ట్ 1, నమ్మకం 80 శాతం వేశారు. ఆ భాగంలోని కోడ్ పాతదని, ముట్టుకుంటే చిక్కని ఇంజనీర్ 3 నెలలు అన్నాడు. స్కోరు 800.

48,000 ఎక్కడ, 800 ఎక్కడ! అంత తేడా కనిపించాక వాదించడానికి ఇంకేముంటుంది? చాలా ఆఫీసుల్లో సమావేశం ఇక్కడితో ముగుస్తుంది. స్కోరు వచ్చేసింది, లెక్క ప్రకారమే చేశాం అనుకుంటారు. కానీ ఇంతవరకూ జరిగిందల్లా ఎవరి ఇష్టాన్ని వాళ్లు అంకెల్లో చెప్పడమే. అసలు పని ఇప్పుడు మొదలవ్వాలి.

ఎందుకంటే ఇది గుణకారం. ఎవరూ పెద్ద అబద్ధం ఆడక్కర్లేదు. రీచ్‌ని ఒకటిన్నర రెట్లు పెంచి చెప్పారు, ఇంపాక్ట్‌ని ఒకటిన్నర రెట్లు పెంచారు, 80 ఉండాల్సిన నమ్మకాన్ని 100 చేశారు, మూడు నెలల పనిని రెండు నెలలన్నారు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ ఎవరి కంటికీ పెద్ద తప్పుగా కనిపించదు. నాలుగూ కలిసేసరికి స్కోరు నాలుగు రెట్లు దాటిపోతుంది. తన ఆలోచన మీద ప్రేమ ఉన్న మనిషి నాలుగు చోట్లా ఒకే వైపు మొగ్గుతాడు. అందుకే చివరి స్కోరుతో తగువు పెట్టుకుని లాభం లేదు. ఒక్కొక్క అంకెనీ విడిగా పట్టుకుని "ఇది ఎక్కడిది?" అని అడగాలి.

మన బృందంలో ఆ ప్రశ్న అడిగే బాధ్యతని కస్టమర్ కేర్ చూసే ఆవిడకి అప్పగించారని అనుకుందాం. మూడు పనుల్లో ఒకటి తన విభాగానిదే కాబట్టి దాని అంకెలని సేల్స్ ఆయన ప్రశ్నించాలని ముందే అనుకున్నారు.

ఆవిడ రీచ్‌తో మొదలుపెట్టింది. "40,000 అంటే ఎవరండీ?" అని అడిగింది. యాప్‌ని ఎప్పుడో ఒకప్పుడు పెట్టుకుని పేరు నమోదు చేసుకున్న కొట్లన్నీ అందులో ఉన్నాయి. గడిచిన మూడు నెలల్లో కనీసం ఒక్క పద్దు రాసినవాళ్లు 26,000 మందే. పోనీ వాళ్లందరికీ నోటితో చెప్పే అవసరం ఉందా? రోజుకి ఒకటో రెండో పద్దులు రాసే కొట్టుకి టైప్ చేయడం పెద్ద భారం కాదు. రోజుకి ఐదు పద్దులకి మించి రాసేవాళ్లకి అది భారం. అలాంటి కొట్లు 9,000. రీచ్ 40,000 నుంచి 9,000కి దిగింది. ఎవరూ అబద్ధం ఆడలేదు, జాబితాలో ఉన్నవాళ్లని వాడేవాళ్లుగా లెక్కపెట్టారు, అంతే. రీచ్‌లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. రెండో తప్పు కాలానికి సంబంధించింది. ఒక పనికి నెలవారీ లెక్క, ఇంకో పనికి ఏడాది లెక్క వేసి పక్కపక్కన పెడతారు. ఏడాది లెక్క వేసినది ఊరికే నాలుగు రెట్లో పన్నెండు రెట్లో పెద్దదిగా కనిపిస్తుంది.

ఇంపాక్ట్ దగ్గర ప్రశ్న ఇంకాస్త కఠినంగా ఉండాలి, ఎందుకంటే ఇక్కడ కొలిచిన అంకె ఉండదు, మెట్టు మాత్రమే ఉంటుంది. ఏ మేలుని కొలుస్తున్నామో ముందుగా ఒక్క వాక్యంలో రాసుకోకపోతే 3 అనే అంకెకి అర్థం లేదు. మన బృందం "కొట్టువాడు వచ్చే మూడు నెలలు కూడా యాప్‌లోనే పద్దులు రాయడం" అని రాసుకుంది. ఇప్పుడు ఆవిడ అడిగింది: "టైప్ చేయలేక మానేశామని ఎంతమంది చెప్పారు? మీరు కొట్లకి వెళ్లినప్పుడు వాళ్లు పద్దు ఎప్పుడు రాస్తున్నారు?" సేల్స్ ఆయన ఆలోచించి నిజం చెప్పాడు. రద్దీ వేళ చాలామంది చిత్తు కాగితం మీద గీసుకుని, రాత్రి కొట్టు కట్టేముందు తీరిగ్గా ఫోన్లో ఎక్కిస్తున్నారు. పైగా బేరం జరుగుతున్నప్పుడు ఫలానా ఆయన ఇంత బాకీ అని పదిమందిలో పైకి చెప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఈ రెండో మాట నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. అది ఏ పట్టికలోనూ దొరకదు, కొట్టు ముందు నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది. ఇంపాక్ట్ 3 నుంచి 1కి వచ్చింది.

ఇంపాక్ట్‌లో ఇంకో మోసం దాగి ఉంటుంది. "ఇది ఎంతమందికి పనికొస్తుందో చూడండి, అందుకే 3" అనడం చాలాసార్లు వింటాం. మంది సంఖ్య అప్పటికే రీచ్‌లో లెక్కకి వచ్చింది. ఇంపాక్ట్ అంటే ఒక్క మనిషికి జరిగే మేలు మాత్రమే. ఒకే గుణాన్ని రెండుచోట్ల వేస్తే జనాదరణ ఉన్న ప్రతి పనీ పైకి తేలుతుంది, కొద్దిమందిని కాపాడే పని అడుగున పడిపోతుంది.

పద్దులు తిరిగి తెచ్చే పనికి జరిగింది సరిగ్గా అదే. "మీరు దీనికి 1 వేశారు, ఎందుకు?" అని సేల్స్ ఆయన అడిగాడు. తక్కువమందికి తగులుతుంది కదా అని వేశామని ఆవిడే ఒప్పుకుంది. అప్పుడు లాగిన్ వివరాలు తీసి చూశారు. మూడు నెలల్లో కొత్త ఫోన్ నుంచి పాత నంబరుతో వచ్చిన కొట్లు 3,000. వాటిలో 1,100 కొట్లు ఖాళీ తెర చూసి మళ్లీ ఒక్క పద్దూ రాయలేదు. కొట్టువాడికి అరువు పద్దులు పోవడమంటే రావాల్సిన డబ్బు పోవడమే. ఇంపాక్ట్ 3 కాకపోతే మరేది 3 అవుతుంది? గుచ్చి అడగడం వల్ల అంకెలు తగ్గడమే కాదు, పెరగాల్సినవి పెరుగుతాయి కూడా.

ఇక కాన్ఫిడెన్స్. ధీమాగా మాట్లాడే మనిషి 100 అంటాడు, మెత్తగా మాట్లాడేవాడు 50 అంటాడు. ఇది స్వభావాన్ని కొలవడమే అవుతుంది. అందుకని శాతాన్ని సాక్ష్యానికి కట్టేయాలి. రీచ్ లాగ్‌లలోంచి లెక్కపెట్టి తెచ్చిందై, ఇంపాక్ట్‌కి వాడేవాళ్ల దగ్గర చూసిన ఆధారం ఉండి, శ్రమ అంచనా ఆ పని చేయబోయేవాళ్లే వేసి ఉంటే 100. వీటిలో ఒకటి ఊహ అయితే 80. ఎక్కువభాగం ఊహే అయితే 50. అంతకన్నా తక్కువైతే దాన్ని ఈ పోటీలో నిలబెట్టకూడదు. నోటిపద్దుకి ఉన్న సాక్ష్యం ఏమిటంటే, పన్నెండుమంది కొట్లవాళ్లని "ఇలా ఉంటే బాగుంటుందా?" అని అడిగితే బాగుంటుందన్నారు. ఎదురుగా నిలబడి ఆశగా అడిగే మనిషితో బాగోదని అనడానికి ఎవరికైనా మొహమాటమే. 80 కాస్తా 50 అయింది.

ఇక్కడ ఈ పద్ధతిలోని ఒక లోపం చెప్పాలి. కాన్ఫిడెన్స్ ఎంత తగ్గించినా స్కోరు సగానికే పడుతుంది. ఇంపాక్ట్‌ని 0.5 వేయాల్సిన చోట 3 వేస్తే స్కోరు ఆరు రెట్లు ఉబ్బుతుంది. ఆరు రెట్ల ఉబ్బుని సగం కోత సరిచేయలేదు. "కాన్ఫిడెన్స్ తగ్గించాం కదా, ఇంపాక్ట్ అలాగే ఉండనివ్వండి" అన్న రాజీకి అందుకే ఒప్పుకోకూడదు. మన ఊహలు ఎంత తరచుగా తప్పుతాయో మైక్రోసాఫ్ట్‌లో ప్రయోగాలు నడిపిన రాన్ కొహావీ బృందం కొలిచి చెప్పింది. మేలు చేస్తాయనుకుని తయారుచేసి, నిజమైన వాడకందారుల మీద పరీక్షించిన ఆలోచనల్లో మూడింట ఒక వంతే అనుకున్న మేలు చేశాయి. ఒక వంతు ఏ తేడా తేలేదు. మిగిలిన వంతు చెరుపు చేశాయి. అనుభవం ఉన్న ఇంజనీర్ల ఆలోచనలే అలా ఉన్నప్పుడు, ఏ కొలతా లేని ఆలోచనకి 80 శాతం నమ్మకం ఇవ్వడం అతి ఉదారం.

ఎఫర్ట్ విషయంలో అంకెలు రెండు వైపులా వంకరపోతాయి. కావాలనుకున్న పనికి తక్కువ చెబుతారు, వద్దనుకున్న పనికి ఎక్కువ చెబుతారు. నోటిపద్దుకి 2 నెలలు అన్నప్పుడు ఒక ప్రోగ్రామర్ కోడ్ రాసే సమయాన్నే లెక్కపెట్టారు. "రెండొందల యాభై" అన్నా "టూ ఫిఫ్టీ" అన్నా ఫోన్‌కి అర్థం కావాలి. శ్రీకాకుళం యాసా, నల్లగొండ యాసా దానికి పట్టాలి. కొట్లో ఫ్యాన్ చప్పుడు, రోడ్డు మీది హారన్ల మధ్య పరీక్షించాలి. తప్పు పద్దు పడితే దిద్దుకునే తెర గీయాలి. డిజైనర్, టెస్టర్, సర్వర్ చూసే మనిషి కాలం కలిపితే 5 నెలలు తేలింది.

ముక్కలుగా విడగొట్టి కూడినంత మాత్రాన అంచనా నిజమైపోదు. డేనియల్ కానమన్ తన పుస్తకంలో చెప్పిన అనుభవం ఒకటుంది. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లలకి పాఠ్యపుస్తకం రాసే బృందంలో ఆయన ఉండగా, ఎంతకాలం పడుతుందో అందరినీ విడివిడిగా కాగితం మీద రాయమన్నాడు. అంచనాలన్నీ రెండేళ్ల చుట్టూ వచ్చాయి. అప్పుడు అదే బృందంలోని పాఠ్యప్రణాళిక నిపుణుణ్ణి, ఇలాంటి వేరే బృందాలకి ఎంతకాలం పట్టిందని అడిగితే, దాదాపు నలభై శాతం బృందాలు పూర్తే చేయలేదని, చేసినవాటికి ఏడు నుంచి పదేళ్లు పట్టిందని చెప్పాడు. ఆ సంగతి తెలిసిన ఆ మనిషి కూడా తన కాగితం మీద రెండేళ్ల చుట్టూ అంచనాలు రాసిన గుంపులోనే ఉన్నాడు. చివరికి ఎనిమిదేళ్లు పట్టింది. కాబట్టి ఎఫర్ట్ దగ్గర అడగాల్సిన ప్రశ్న "ఇందులో ఏమేం ఉన్నాయి?" ఒక్కటే కాదు, "ఇలాంటిది పోయినసారి చేసినప్పుడు ఎంత అన్నాం, ఎంత పట్టింది?" అన్నది కూడా. అంచనాలని ముందు ఎవరికి వాళ్లు రాసి, తర్వాత ఒకేసారి తెరవాలి. సీనియర్ ముందు నోరు తెరిస్తే మిగతావాళ్ల అంకెలు ఆయన అంకె చుట్టూ చేరిపోతాయి.

పద్దులు తిరిగి తెచ్చే పనికి 3 నెలలు అన్న ఇంజనీర్‌ని కూడా అదే ప్రశ్న అడిగారు. అతను నిజాయితీగా విడమరిచాడు. పాత కోడ్ మొత్తం తిరగరాయాలన్న తన కోరిక అందులో సగం. కొట్టువాడికి పద్దులు తిరిగి కనిపించడానికి కావాల్సింది ఒకటిన్నర నెల. తిరగరాయడం అవసరమే కావచ్చు, కానీ అది వేరే పని, జాబితాలో వేరే వరుస.

గుర్తుచేసే మెసేజ్ కథ క్లుప్తంగా చెబుతాను. బాకీ గడువు దాటి, బాకీదారు ఫోన్ నంబరు కూడా యాప్‌లో ఉన్న కొట్లు 7,000. ఇప్పటికే కాపీ బటన్ నొక్కి మొత్తాన్ని వాట్సాప్‌లో పంపుకుంటున్నవాళ్ల పద్దుల్లో జమలు త్వరగా పడుతున్నాయి, వాళ్లు యాప్‌నీ వదలడం లేదు. అందుకని ఇంపాక్ట్ 2కి పెరిగింది. వాళ్లు మొదటినుంచీ జాగ్రత్తపరులే అయి ఉండొచ్చు, మెసేజ్ వల్లే జమ పడిందని చెప్పలేం. అందుకని నమ్మకం 80 దగ్గరే ఆగింది. శ్రమ 2 నెలలని తేలింది.

మళ్లీ లెక్క వేశారు. నోటిపద్దు: 9,000ని 1తో, 0.5తో గుణించి 5తో భాగిస్తే 900. మెసేజ్: 7,000ని 2తో, 0.8తో గుణించి 2తో భాగిస్తే 5,600. పద్దుల వాపసు: 3,000ని 3తో, 1తో గుణించి 1.5తో భాగిస్తే 6,000. అట్టడుగున ఉన్నది పైకొచ్చింది, 48,000తో వెలిగినది 900 దగ్గర ఆగింది.

6,000కీ 5,600కీ మధ్య తేడాని మాత్రం పట్టించుకోకండి. ఇంపాక్ట్ ఒక్క మెట్టు మారితే స్కోరు ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో మారిపోయే లెక్క ఇది. అలాంటి లెక్కలో 400 తేడా అంటే సమానమనే అర్థం. అప్పుడు వేరే విషయాలు చూసి తేల్చుకోవాలి. ఏది చిన్న పని, ఏది ఇంకోదానికి దారి తీస్తుంది, ఆ నెలలో ఎవరు ఖాళీగా ఉన్నారు అని. స్కోరుల మధ్య రెండు మూడు రెట్ల తేడా ఉంటేనే వరుస నిజంగా వేరని నేను అనుకుంటాను.

కొన్ని పనులని అసలు ఈ తక్కెడలోకి తేకూడదు. వ్యక్తిగత సమాచారం విషయంలో చట్టం చెప్పింది చేయాలి, భద్రతలో కన్నం పడితే పూడ్చాలి. వాటికి స్కోరు వేస్తే ఎప్పుడో ఒకసారి తక్కువ వచ్చి వెనక్కిపోతాయి. వాటికి విడిగా సమయం తీసిపెట్టి, మిగిలిన కాలానికే ఈ లెక్క వాడాలి.

నోటిపద్దుని పూర్తిగా కొట్టేయలేదు. అయిదు నెలలు పెట్టేముందు ఒక చవక పరీక్ష పెట్టారు. 1,000 కొట్ల తెర మీద మాత్రం మైకు బొమ్మ పెట్టి, నొక్కితే "ఇది త్వరలో వస్తుంది, మీకు కావాలా?" అని అడిగారు. ఈ పనికి రెండు రోజులు చాలు. ఎంతమంది నొక్కారు అన్నది కొత్త బొమ్మ మీది కుతూహలమే కావచ్చు. ఏ వేళ నొక్కారు, రోజుకి ఎన్ని పద్దులు రాసేవాళ్లు నొక్కారు, కావాలని ఎంతమంది చెప్పారు అన్నవి పనికొచ్చే కొలతలు. ఆ ఫలితం వచ్చాక 50 శాతం పెరుగుతుందో, రీచ్ ఇంకా తగ్గుతుందో తెలుస్తుంది.

ఇదంతా ఒకసారి చేసి వదిలేస్తే మూడు నెలల్లో పాత అలవాటు తిరిగొస్తుంది. అందుకని ప్రతి పనికీ వేసిన నాలుగు అంకెలనీ, ఒక్కొక్కటీ ఎక్కడినుంచి వచ్చిందో ఒక వాక్యాన్నీ రాసిపెట్టుకోవాలి. పని బయటికి వెళ్లిన మూడు నెలలకి పక్కన నిజమైన అంకె రాయాలి. పది పనులు అలా రాశాక బృందం స్వభావం కనబడుతుంది. శ్రమని ఎప్పుడూ సగమే చెబుతున్నారా, రీచ్‌ని రెట్టింపు చెబుతున్నారా అన్నది తెలిసిపోతుంది. అప్పటినుంచి కొత్త అంచనాలని ఆ మేరకి సవరించుకోవచ్చు. మనుషుల పేర్లు మాత్రం ఆ పట్టికలో రాయకండి. తప్పిన అంచనాకి మాట పడాల్సి వస్తుందని తెలిస్తే మరుసటిసారి ఇంజనీరు అన్నిటికీ రెట్టింపు కాలం చెబుతాడు, సేల్స్ ఆయన అంకె చెప్పడమే మానేస్తాడు.

మీ బృందంలో ఇప్పటికే ఇలాంటి పట్టిక ఉంటే, రేపు దాన్ని తెరిచి అన్నిటికన్నా పైనున్న పనిని ఒక్కటే తీసుకోండి. దాని రీచ్ ఎదురుగా ఉన్న అంకె ఏ లాగ్‌లోంచి, ఏ తేదీన వచ్చిందో రాయడానికి ప్రయత్నించండి. రాయలేకపోతే ఆ పని మొదలుపెట్టకండి.